అద్దె సవరణ నోటీసు: తేదీ, కారణాలు, మర్యాద (కేస్ స్టడీ)

ఇళ్ల యజమానుల తరఫున అద్దె వ్యవహారాలు చూసుకోవడం నా వృత్తి. ఒప్పందాలు రాయించడం, అద్దెలు వసూలు చేయడం, మరమ్మతులు చేయించడం వంటివన్నీ ఇందులో భాగమే. ఇన్ని పనుల్లో ఎక్కువ మాటపట్టింపులకు దారి తీసేది మాత్రం అద్దె పెంచుతున్నామని చెప్పే ఉత్తరం. పేజీ కూడా నిండని ఈ ఉత్తరం రాసేటప్పుడు యజమానులు సాధారణంగా రెండు దారుల్లో ఒకటి పడతారు. కొందరు హుకుం జారీ చేసినట్టు రాస్తారు. ఇంకొందరు మొహమాటపడి అసలు విషయాన్ని నాన్చేస్తారు. మొదటి రకం ఉత్తరంతో మనసులు విరుగుతాయి, రెండో రకం నోటీసుగా నిలబడదు. మర్యాదకూ స్పష్టతకూ పొత్తు కుదరదని చాలామంది అనుకుంటారు గానీ, అద్దె నోటీసులో స్పష్టత లేని మర్యాద అసలు మర్యాదే కాదు. ఎంత కట్టాలో, ఎప్పటి నుంచి కట్టాలో తెలియని అద్దెదారు తన ఇంటి ఖర్చు ఎలా లెక్క వేసుకుంటాడు?

ఈ మధ్య నా చేతికి వచ్చిన ఒక వ్యవహారాన్ని మొదటి నుంచి చివరిదాకా చెబుతాను. ఇద్దరి గోప్యత కోసం అసలు మొత్తాలు ఇవ్వడం లేదు. పాత నెల అద్దెను 100గా తీసుకుని మిగతా అంకెలన్నీ ఆ లెక్కలోకి మార్చాను.

ఇల్లు, ఒప్పందం, మొదటి చిత్తుప్రతి

యజమానురాలు ఉద్యోగ విరమణ చేసినావిడ. ఆమెకున్న రెండు పడకగదుల ఇల్లు ఒక భవనం రెండో అంతస్తులో ఉంది. భార్యాభర్తలిద్దరూ సంతకం చేసి 2022 ఆగస్టు 1న అందులో అద్దెకు దిగారు. ఒప్పందం గడువు రెండేళ్లు. గడువు ముగిసినా ఎవరూ కొత్త పత్రం రాసుకోలేదు. అలాంటప్పుడు అవే షరతులతో అద్దె నెలనెలా కొనసాగుతుందని ఒప్పందంలోనే ఉంది. మూడేళ్లుగా అద్దె మారలేదు. అద్దె ఒక్క నెల కూడా ఆలస్యం కాలేదు.

మే నెల రెండో వారంలో ఆవిడ తాను రాసిన ఉత్తరాన్ని నాకు చూపించి, తప్పులుంటే దిద్ది ఇమ్మన్నారు. అది దాదాపు ఇలా ఉంది:

"నమస్తే. ఈ మధ్య ధరలు ఎలా పెరిగాయో మీకు తెలియనిది కాదు. చుట్టుపక్కల అద్దెలు మన అద్దె కంటే చాలా ఎక్కువగా ఉన్నాయి. కిందటేడు పైకప్పుకు, నీళ్ల మోటారుకు నాకు చాలా ఖర్చయింది. నా ఆరోగ్యం కూడా అంతంతమాత్రం. కాబట్టి వచ్చే నెల నుంచి అద్దె 125 ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. వీలుకాకపోతే ఇల్లు ఖాళీ చేయగలరు."

భాషలో పెద్ద తప్పులేమీ లేవు. 'కోరుతున్నాను' అన్న మాట వల్ల వినయంగా కూడా కనిపిస్తుంది. కానీ ఇందులో తేదీ నిలవదు, కారణాల్లో సగం ఎదురు తిరుగుతాయి, అంకెకు ఆధారం లేదు. పైగా ఉత్తరం భర్త పేరుకే ఉంది. ఒప్పందంలో ఇద్దరి సంతకాలున్నప్పుడు నోటీసు కూడా ఇద్దరి పేర్లతో వెళ్లాలి. ఒకరికే పంపితే, నాకు నోటీసు అందలేదని రెండోవారు అనడానికి వీలుంటుంది.

దిద్దుబాటుతో అయ్యే పని కాదని చెప్పి ఒప్పందం కాగితాలు తెమ్మన్నాను. ఎవరు నోటీసు రాయమన్నా నేను ముందు అడిగేది వాటినే. ఒప్పందం చదవకుండా సవరణ ఉత్తరం రాయడం కొలత తీసుకోకుండా చొక్కా కత్తిరించడం లాంటిది.

తేదీ ఎలా తేలింది

ఒప్పందంలో చూడవలసినవి నాలుగు. గడువు ఇంకా నడుస్తోందా, ముగిసి నెలనెలా సాగుతోందా? అద్దె సవరణకు షరతు ఉందా? ఎంత ముందుగా చెప్పాలి? ఏ విధంగా చెప్పాలి?

గడువు నడుస్తున్న ఒప్పందంలో, పెంపు గురించి ముందే షరతు రాసుకుని ఉంటే తప్ప, మధ్యలో ఏకపక్షంగా అద్దె పెంచడం సాధారణంగా చెల్లదు. గడువు ముగిసేదాకా ఆగాలి, లేదా అవతలివారు ఒప్పుకోవాలి. ఈ ఇంటి విషయంలో గడువు ముగిసింది కనుక ఆ అడ్డంకి లేదు. ఒప్పందంలోని 6వ షరతు ప్రకారం అద్దె సవరించాలంటే కనీసం రెండు పూర్తి క్యాలెండర్ నెలల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. నోటీసు చేతికి ఇవ్వాలి, లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. అవతలివారికి అందిన రోజునే ఇచ్చినట్టు లెక్క.

అన్ని ఒప్పందాలూ ఇంత స్పష్టంగా ఉండవు. అసలు షరతే లేకపోతే స్థానిక అద్దె చట్టం చెప్పిన వ్యవధిని పాటించాలి. కొన్నిచోట్ల ఏడాదికి ఇంతకు మించి పెంచకూడదన్న పరిమితి కూడా ఉంటుంది. అలాంటి చోట ఒప్పందంలో ఏమి రాసుకున్నా చట్టానిదే పైచేయి. కాబట్టి ఈ వ్యవహారంలోని వ్యవధిని మీ ఉత్తరంలోకి ఎత్తుకోకండి. లెక్క కట్టే పద్ధతి మాత్రం ఎక్కడైనా ఒకటే.

ఆవిడ "వచ్చే నెల నుంచి" అని రాశారు. మే నెలలో రాసిన ఉత్తరంలో దానర్థం జూన్ 1. 6వ షరతు ముందు అది నిలవదు. నోటీసు మే నెలలో ఏ రోజు అందినా ఆ నెల మిగిలిన రోజులు లెక్కలోకి రావు, ఎందుకంటే కావలసినవి పూర్తి నెలలు. జూన్ ఒకటి, జూలై రెండు. కాబట్టి కొత్త అద్దె తొందరలో తొందరగా ఆగస్టు 1 నుంచి మొదలవుతుంది. చాలామంది 60 రోజులు లెక్కపెట్టి జూలై మధ్యలో ఏదో ఒక తేదీ వేస్తారు. రోజుల లెక్క వేరు, పూర్తి నెలల లెక్క వేరు. నెల మధ్య తేదీ వేస్తే ఆ నెల అద్దె సగం పాతది, సగం కొత్తది కట్టమని అడగవలసి వస్తుంది. ఆ లెక్క మీద ఇంకో వాదన మొదలవుతుంది. ఒప్పందం ఎలా ఉన్నా, సవరణ తేదీ అద్దె నెల మొదటి రోజున పడేలా చూసుకోవడం మేలు.

ఇంకో మెలిక ఉంది. షరతులో ఉన్నది రాసిన తేదీ కాదు, అందిన తేదీ. ఉత్తరం మీద మే 14 అని ఉన్నా, పోస్టులో ఆలస్యమై జూన్ 2న అందితే జూన్ నెల పూర్తి నెల కాకుండా పోతుంది. అప్పుడు జూలై, ఆగస్టు లెక్కకు వచ్చి సవరణ సెప్టెంబరు 1కి జరుగుతుంది. రెండు రోజుల ఆలస్యానికి ఒక నెల పెంపు పోతుంది. అంతకంటే ఇబ్బంది ఏమిటంటే, ఉత్తరంలో ఆగస్టు 1 అని ఉండి అది చెల్లకపోతే, సెప్టెంబరు 1 నుంచి అదే ఉత్తరం దానంతట అదే వర్తిస్తుందా, కొత్త నోటీసు ఇవ్వాలా అన్న ప్రశ్న వస్తుంది. అందుకే చివరి రోజైన మే 31 దాకా ఆగకుండా రెండు వారాల వెసులుబాటు ఉంచుకున్నాం.

గడిచిన నెలలకు పెంపు అడగడం గురించి ఒక్క మాట. "ఏప్రిల్ నుంచి లెక్క కట్టి తేడా ఇవ్వండి" అని రాసేవారు ఇప్పటికీ ఉన్నారు. తీసుకున్న అద్దెకు రసీదు ఇచ్చేశాక ఆ నెల లెక్క ముగిసినట్టే.

కారణాల వడపోత

చిత్తుప్రతిలో కారణాలు ఐదు ఉన్నాయి: ధరల పెరుగుదల, చుట్టుపక్కల అద్దెలు, పైకప్పు, మోటారు, ఆరోగ్యం. ఒక్కో కారణానికీ నేను పెట్టే పరీక్ష ఒకటే. అద్దెదారు దీన్ని తనంతట తాను సరిచూసుకోగలడా? సరిచూసుకున్నాక ఇది తన అద్దెకు సంబంధించిందేనని ఒప్పుకోగలడా?

ఆరోగ్యం మాట తీసేయమన్నప్పుడు ఆవిడ కొంచెం నొచ్చుకున్నారు. అది నిజమే కదా అన్నారు. నిజమే, కానీ ఇంటి విలువతో దానికి సంబంధం లేదు. యజమాని అవసరాన్ని కారణంగా చూపితే అద్దెదారు కూడా తన అవసరాన్ని ఎదురు పెడతాడు. ఎవరి కష్టం పెద్దదన్న పోటీ మొదలైతే అది అద్దె దగ్గర ఆగదు.

పైకప్పు, మోటారు గురించి ఎక్కువసేపు మాట్లాడుకున్నాం. ఈ రెండూ మరమ్మతులు. ఇల్లు నివాసానికి పనికొచ్చేలా ఉంచడం యజమాని బాధ్యత, అందుకే కదా అద్దె తీసుకునేది. పాడైనదాన్ని మునుపటి స్థితికి తేవడం మరమ్మతు. మునుపు లేని సౌకర్యాన్ని కొత్తగా చేర్చడం మెరుగుదల. మెరుగుదలకు పెంపు అడగవచ్చు, అదీ పని మొదలుపెట్టక ముందే అద్దెదారుతో మాట్లాడుకుని ఉంటే మంచిది. మరమ్మతు ఖర్చును పెంపునకు కారణంగా చూపితే ఉత్తరం బలహీనపడుతుంది. పైగా ఈ ఇంట్లో పైకప్పు రెండు వానాకాలాలు కారింది. అద్దెదారులు పడకగదిలో బకెట్టు పెట్టుకుని ఆ వానలు దాటించారు. ఆ ఖర్చు గురించి ఉత్తరంలో రాయడమంటే ఆ బకెట్టును వాళ్లకు గుర్తు చేయడమే.

ధరల పెరుగుదల అన్నది గాలిలో మాట. దాని వెనక అసలు ఏముందో చూద్దామని మూడేళ్ల రసీదులు తీయించాను. ఈ ఇంటి అద్దెలోనే భవనం ఉమ్మడి నిర్వహణ రుసుము కలిసి ఉంది, దాన్ని యజమానురాలే కడతారు. ఆ రుసుము, ఆస్తి పన్ను, ఇంటి బీమా కలిపి 2022లో నెలకు 14 పడితే ఇప్పుడు 19 పడుతోంది. అంటే ఇంటి మీద ఖర్చు నెలకు 5 పెరిగింది. ఇది పక్కా కారణం. రసీదులు చూపించవచ్చు.

ఇక మిగిలింది చుట్టుపక్కల అద్దెలు. ఇది మంచి కారణమే కానీ దీన్ని వాడే తీరులోనే పొరపాటు జరుగుతుంది. ఆవిడ చెప్పిన 125 ఒక ప్రకటనలో చూసిన అంకె. ప్రకటనలో ఉండేది యజమాని అడుగుతున్న అద్దె. ఖరారైన అద్దె చాలాసార్లు అంతకంటే తక్కువ ఉంటుంది. ఆ ప్రాంతంలో ఇటీవల ఖరారైన అద్దెలు కనుక్కున్నాను. అదే విస్తీర్ణం, దాదాపు అదే వయసున్న భవనాల్లో మూడు ఇళ్లు 114, 116, 120కి వెళ్లాయి. 120కి వెళ్లిన ఇంటికి కారు నిలుపుకునే చోటు ఉంది, ఈ ఇంటికి లేదు. కాబట్టి ఈ ఇంటిని ఇవాళ ఖాళీ చేయించి కొత్తవారికి ఇచ్చినా 115 నుంచి 118 మధ్యలో వస్తుంది.

112 ఎందుకు

ఇక్కడ ఆవిడను ఒప్పించింది నా వాదన కాదు, ఖాళీ ఇంటి లెక్క. ఉన్నవాళ్లు వెళ్లిపోతే ఇల్లు కనీసం ఒక నెల ఖాళీగా ఉంటుందనుకుందాం. రంగులు, చిన్న చిన్న పనులకు అర నెల అద్దె, మధ్యవర్తి కమీషనుకు ఇంకో అర నెల అద్దె పోతాయి. మొత్తం రెండు నెలల అద్దె, అంటే సుమారు 230. కొత్తవారు 118 ఇచ్చినా, ఉన్నవారు ఇచ్చే 112 కంటే నెలకు 6 ఎక్కువ. పోయిన 230 తిరిగి రావడానికి మూడేళ్లకు పైగా పడుతుంది. ఆవిడ కలగన్న 125 నిజంగానే వచ్చినా ఏడాదిన్నర పడుతుంది. కొత్తవారు సమయానికి కడతారో లేదో అన్నది ఈ లెక్కలో లేనే లేదు.

అలా 112 తేలింది. ఖరారైన అద్దెల్లో అన్నిటికంటే తక్కువైన 114 కంటే కాస్త కింద ఉంది. పాత అద్దెలో 12 శాతం అంటే ఒక్కసారిగా ఎక్కువనిపించవచ్చు గానీ మూడేళ్ల మీద పరిస్తే ఏడాదికి 4 శాతం లోపే.

ఉత్తరంలో ఈ 12ను ఎలా వివరించాలన్నది ఇంకో ప్రశ్న. మొత్తం ఖర్చుల వల్లే పెంచామని చెప్పుకోవాలని ప్రతి యజమానికీ అనిపిస్తుంది, అది వినడానికి బాగుంటుంది కనుక. కానీ ఖర్చు పెరిగింది 5 మాత్రమే. అద్దెదారు రసీదులు చూపమంటే మిగతా 7 ఎక్కడివని అడుగుతాడు. రేపు ఖర్చు తగ్గితే అద్దె తగ్గిస్తారా అని కూడా అడుగుతాడు, అడగడం న్యాయమే. అందుకని 5 ఖర్చుల వల్ల, మిగిలిన 7 అద్దెను ఈ ప్రాంతపు స్థాయికి దగ్గర చేయడానికి అని విడదీసి చెప్పాం. దాపరికం లేని లెక్క మీద బేరం జరుగుతుంది గానీ పోట్లాట జరగదు.

పంపిన నోటీసు

తేదీ: 2025 మే 14

శ్రీ (పేరు) గారికి, శ్రీమతి (పేరు) గారికి,
(ఇంటి చిరునామా)

విషయం: 2025 ఆగస్టు 1 నుంచి నెల అద్దె సవరణకు నోటీసు

నమస్కారం.

మీరు 2022 ఆగస్టు 1 నుంచి పై చిరునామాలోని మా ఇంట్లో అద్దెకు ఉంటున్నారు. ఈ కాలమంతా అద్దె ప్రతినెలా గడువులోగా చెల్లించారు, ఇంటిని జాగ్రత్తగా చూసుకున్నారు. అందుకు మీ ఇద్దరికీ కృతజ్ఞతలు.

మన ఒప్పందంలోని 6వ షరతును అనుసరించి ఈ నోటీసు ఇస్తున్నాను. ప్రస్తుత నెల అద్దె 100 (వంద). 2025 ఆగస్టు 1 నుంచి నెల అద్దె 112 (నూట పన్నెండు) అవుతుంది. జూన్, జూలై నెలల అద్దెలో మార్పు లేదు. సవరించిన అద్దెను మొదటిసారి చెల్లించవలసిన గడువు ఆగస్టు 5.

సవరణకు రెండు కారణాలున్నాయి. ఈ ఇంటికి నేను కట్టే ఆస్తి పన్ను, భవనం నిర్వహణ రుసుము, బీమా కలిపి 2022తో పోలిస్తే నెలకు 5 పెరిగాయి. రసీదులు నా దగ్గర ఉన్నాయి, మీరు ఎప్పుడైనా చూడవచ్చు. మిగిలిన 7, మూడేళ్లుగా మారని అద్దెను ఈ ప్రాంతంలో ఇలాంటి ఇళ్లకు ఇటీవల కుదిరిన అద్దెలకు దగ్గర చేయడానికి. ఆ అద్దెలు 114 నుంచి 120 వరకు ఉన్నాయి.

భవనం నిర్వహణ రుసుము ఇకముందు కూడా అద్దెలోనే కలిసి ఉంటుంది. అడ్వాన్సు పెంచడం లేదు. ఒప్పందంలోని మిగతా షరతులన్నీ యథాతథంగా కొనసాగుతాయి.

ఈ విషయమై మాట్లాడాలనుకుంటే జూన్ 10లోగా ఫోను ద్వారా గానీ ఉత్తరం ద్వారా గానీ తెలియజేయండి, మీకు వీలైన రోజున కలుద్దాం. సవరించిన అద్దెతో కొనసాగడం మీకు అనుకూలం కాకపోతే, 9వ షరతు ప్రకారం ఒక నెల ముందుగా తెలియజేస్తే చాలు. అడ్వాన్సును ఒప్పందం ప్రకారం తిరిగి చెల్లిస్తాను. మీరు ఇక్కడే కొనసాగాలన్నది నా కోరిక.

ఇట్లు,
(యజమాని సంతకం, పేరు, ఫోను నంబరు)

కొన్ని వాక్యాల వెనక ఉన్న ఆలోచన

"అద్దె 112 అవుతుంది" అన్న వాక్యం దగ్గర ఆవిడ ఆగారు. "చేయాలని అనుకుంటున్నాను, దయచేసి ఆలోచించగలరు" అంటే మర్యాదగా ఉంటుంది కదా అన్నారు. అలా రాస్తే అది నోటీసు కాదు, సలహా అడిగే ఉత్తరం అవుతుంది. ఆగస్టులో అద్దెదారు 100 కట్టి "మీరు ఆలోచించమన్నారు, ఇంకా ఆలోచిస్తున్నాం" అంటే చెప్పడానికి ఏమీ ఉండదు. అంకె, తేదీ చెప్పే రెండు వాక్యాల్లో బతిమాలడం, బెదిరించడం రెండూ ఉండకూడదు. మర్యాదకు ఉత్తరంలో వేరే చోటు చాలా ఉంది. చేసిన మేలును పేరుపెట్టి చెప్పడం, రసీదులు చూపిస్తాననడం, మాట్లాడుకునే అవకాశం ఇవ్వడం అన్నీ మర్యాదే.

చిత్తుప్రతిలోని "వీలుకాకపోతే ఇల్లు ఖాళీ చేయగలరు"కూ, ఇక్కడ 9వ షరతు గురించి రాసినదానికీ సమాచారంలో తేడా లేదు. అక్కడ అది పొమ్మనడం, ఇక్కడ వారికి ఉన్న హక్కును గుర్తు చేయడం. అడ్వాన్సు తిరిగి ఇస్తానన్న మాట పక్కనే ఉండటంతో వాక్యం రంగే మారిపోయింది.

జూన్ 10 అన్న తేదీ కూడా ఊరికే వేసింది కాదు. జూలై చివరికి ఇల్లు మారాలనుకుంటే 9వ షరతు ప్రకారం వారు జూన్ 30లోగా చెప్పాలి. మాట్లాడుకోవడం జూన్ 10 నాటికి మొదలైతే, బేరం కుదరకపోయినా వేరే ఇల్లు చూసుకోవాలో లేదో తేల్చుకోవడానికి వారికి మూడు వారాల దాకా ఉంటుంది. జూన్ 30నే చివరి తేదీగా పెడితే ఆ వ్యవధి వారి చేతిలోంచి లాక్కున్నట్టే. జూన్ 10లోగా జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే భావిస్తాం అని మాత్రం రాయలేదు. కొందరు ఇలాంటి ఉత్తరాల్లో ఆ వాక్యాన్ని అలవాటుగా చేరుస్తారు. ఇక్కడ సవరణకు ఆధారం 6వ షరతు, వారి మౌనం కాదు.

అడ్వాన్సు సంగతి. ఒప్పందంలో అడ్వాన్సు రెండు నెలల అద్దె అని ఉంది. అద్దె పెరిగితే అడ్వాన్సు కూడా దానంతట అదే పెరుగుతుందా అన్నది ఒప్పందంలో లేదు. ఉత్తరం కూడా మౌనంగా ఉంటే ఇద్దరూ ఎవరికి తోచినట్టు వారు అనుకుంటారు, ఖాళీ చేసే రోజున ఆ తేడా బయటపడుతుంది. అందుకే పెంచడం లేదని ఒక్క వాక్యంలో తేల్చేశాం.

అందజేత

ఫోనులో సందేశంగా పంపితే సరిపోదా అని ఆవిడ అడిగారు. ఈ ఒప్పందంలో సరిపోదు. చేతికి ఇవ్వడం, రిజిస్టర్డ్ పోస్టు తప్ప మూడో దారి రాసుకోలేదు. అయినా సందేశం వల్ల ఒక ఉపయోగం ఉంది. తలుపు తట్టి కవరు చేతిలో పెట్టే ముందు, "అద్దె గురించి ఒక ఉత్తరం ఇవ్వడానికి సాయంత్రం వస్తాను, మీకు వీలవుతుందా" అని అడగడం పద్ధతి. మే 15 సాయంత్రం ఆవిడే వెళ్లి రెండు ప్రతులు ఇచ్చారు. ఒకటి వారికి, రెండోది సంతకం చేసి తిరిగి ఇవ్వడానికి.

ఆ రెండో ప్రతి అడుగున నేను ముందే ఒక వరుస టైపు చేయించాను: "పై నోటీసు ఈ రోజు అందింది. ఈ సంతకం అందినందుకు మాత్రమే, అంగీకారానికి కాదు." దాని కింద తేదీ, రెండు సంతకాలకు చోటు. ఈ వరుస లేకపోతే అద్దెదారులు సంతకం చేయడానికి జంకుతారు, అలా జంకడం తప్పు కాదు. వరుస ఉంటే భయం పోతుంది, యజమానికి కావలసిన అందిన తేదీ కాగితం మీదికి వస్తుంది. సంతకం చేయనంటే బలవంతపెట్టకుండా అదే ఉత్తరాన్ని రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. ఆ పనికి సమయం ఉండాలనే మే నెలాఖరు దాకా ఆగలేదు.

జవాబు, బేరం

మే నెలాఖరులోనే జవాబు వచ్చింది. అది కూడా మర్యాదగానే ఉంది. అద్దెదారులు మూడు విషయాలు రాశారు. 112 కాకుండా 110 చేయగలరా? ఇప్పుడు పెంచాక మళ్లీ ఎప్పుడు పెంచుతారు? వంటింటి కిటికీ రెక్క పట్టేసి ఆరు నెలలైంది, అది ఎప్పుడు బాగుచేస్తారు?

ఆవిడకు మూడోది చదవగానే ఒక ఉపాయం తట్టింది. 112కు ఒప్పుకుంటే కిటికీ వెంటనే చేయిస్తానని చెబుదామన్నారు. వద్దన్నాను. కిటికీ ఎలాగూ చేయించవలసిందే. ఇవ్వవలసినదాన్ని బేరానికి పెడితే అద్దె ఒప్పుకునేదాకా కిటికీ ఆపుతారన్న మాట పుడుతుంది. ఆ వారంలోనే వడ్రంగిని పంపాం. రెక్క అడుగున చెక్క నీళ్లు పీల్చి ఉబ్బింది. చిత్రిక పట్టి, రంగు వేసి, కీలు మార్చారు. ఆ తర్వాతే అద్దె గురించి కూర్చున్నాం.

రెండో ప్రశ్న అన్నిటికంటే విలువైనదని నా ఉద్దేశం. అద్దెదారుకు చాలాసార్లు ఇప్పుడు పెరిగిన మొత్తం కంటే తర్వాత ఎంత పెరుగుతుందో తెలియకపోవడమే ఎక్కువ భయం. ఆ భయం తీర్చడానికి యజమానికి అయ్యే ఖర్చు తక్కువ. ఆగస్టు నుంచి ఆరు నెలలు 110, 2026 ఫిబ్రవరి 1 నుంచి 112, ఆపైన 2027 జూలై 31 వరకు మరో సవరణ లేదు అన్న ప్రతిపాదన పెట్టాం. ఆరు నెలల్లో యజమానురాలు వదులుకున్నది మొత్తం 12. దానికి బదులుగా ఇల్లు ఖాళీ అవుతుందన్న బెంగ చాలావరకు పోయింది. అద్దెదారులు అదే రోజు సరేనన్నారు.

నోటి మాటతో వదలకుండా ఒక అనుబంధ పత్రం రాశాం. అసలు ఒప్పందం తేదీ, మారిన అద్దెలు, అవి మొదలయ్యే తేదీలు, తర్వాతి సవరణ ఎప్పటి వరకు ఉండదు, మిగతా షరతులు యథాతథం అన్నవి మాత్రమే అందులో ఉన్నాయి. మే 14 నోటీసులోని అంకెకు బదులు ఈ పత్రంలోని అంకెలు వర్తిస్తాయని ఒక వాక్యం చేర్చాను. అది లేకపోతే ఆగస్టు అద్దె 112 అనే కాగితం ఒకటి, 110 అనే కాగితం ఒకటి, రెండూ బతికే ఉంటాయి. ఇలాంటి పత్రానికి స్టాంపు గానీ రిజిస్ట్రేషను గానీ కావాలా అన్నది అసలు ఒప్పందం ఎలా చేసుకున్నారు, స్థానిక నిబంధనలు ఏమిటి అన్నదాని మీద ఆధారపడుతుంది. అది ముందే కనుక్కోవాలి.

ఆగస్టు మొదటి వారం

ఆగస్టు 1న బ్యాంకు ఖాతాలో 100 పడింది. అద్దెదారులు మాట తప్పలేదు. ప్రతినెలా దానంతట అదే వెళ్లేలా బ్యాంకుకు ఇచ్చిన ఆదేశాన్ని మార్చడం మరిచిపోయారు, అంతే. సవరణ తర్వాత మొదటి నెలలో ఇది తరచుగా జరిగేదే. ఇక్కడ యజమానులు చేసే పని ఊరుకోవడం. పదికి మొహమాటమెందుకని మొదటి నెల ఊరుకుంటారు, రెండో నెల కూడా పాత అద్దే వస్తుంది. అలా కొన్ని నెలలు పాత అద్దెను మారుమాట లేకుండా తీసుకుంటే, సవరణను యజమానే వదులుకున్నట్టు వాదించడానికి వీలు దొరుకుతుంది.

ఆవిడ ఆ రోజే పంపిన సందేశం ఇది: "నమస్తే అండీ. ఆగస్టు అద్దెలో భాగంగా 100 అందింది, ధన్యవాదాలు. మన అనుబంధ పత్రం ప్రకారం మిగిలిన 10ని వీలుచూసుకుని 5వ తేదీలోగా పంపగలరు. బ్యాంకు ఆదేశంలో మొత్తం మార్చవలసి ఉంటుందేమో ఒకసారి చూడండి." ఇందులో ముఖ్యమైన మాట 'భాగంగా'. 4వ తేదీన మిగిలిన 10 వచ్చింది, తర్వాతే పూర్తి నెలకు రసీదు ఇచ్చాం. 2026 ఫిబ్రవరిలో అద్దె మళ్లీ మారుతుంది కనుక, ఆ ఆదేశాన్ని అప్పుడు కూడా మార్చుకోవాలని గుర్తు చేసే చీటీని జనవరి రసీదుతో పంపమని ఆవిడకు చెప్పాను.

నా పుస్తకంలో ఈ ఇంటి పేజీలో ఇప్పుడు ఒకే తేదీ మిగిలింది. తర్వాతి సవరణ 2027 ఆగస్టు 1 కంటే ముందు కుదరదు. అప్పుడు పెంచాలనుకుంటే నోటీసు 2027 మే 31లోగా ఇద్దరి చేతికీ అందాలి.